నైదర్ ఆఫ్ మొండిది, నన్ ఆఫ్ కాదు
బెంగళూరులో మా ఆఫీసు నుంచి క్లయింటుకు వెళ్లాల్సిన లెటర్లో మొన్న ‘నైదర్ ఆఫ్ ది ఇన్వాయిసెస్ వర్ పెయిడ్’ అని కనబడింది. పక్కనే ఇన్వాయిసెస్ అని బహువచనం ఉండేసరికి చెయ్యి వర్ వైపు లాగేస్తుంది గానీ, అక్కడ కర్త నైదర్, అంటే రెండింట్లో ఏ ఒక్కటీ కాదని, కాబట్టి ఫార్మల్ రాతలో వాజ్ అనే రాయాలి. మాటల్లో వర్ అన్నా ఎవరూ పట్టించుకోరు.

నన్ ఆఫ్‌కి తర్వాత వచ్చే నామవాచకం చూడాలి. ‘నన్ ఆఫ్ ది మనీ’ అయితే వాజ్ తప్ప దారి లేదు. ‘నన్ ఆఫ్ ది ఇన్వాయిసెస్’ అయితే రెండూ చెల్లుతాయి. నన్ అంటే నాట్ వన్, అది ఏకవచనమే అంటూ మా మేనేజరు వర్‌లన్నీ కొట్టేస్తాడు (స్కూల్లో అలాగే చెప్పారట). నేనైతే వర్ ఉంచేస్తాను, ఒక్కటి కూడా కట్టలేదని నొక్కి చెప్పాలంటేనే వాజ్.