చీకట్లో, వాలుగా కనిపించే నంబరు ప్లేటును చదవడానికి ఏది మేలు?

ఈమధ్య ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బిగించిన కెమెరాను చూడమని నన్ను పిలిచారు. పగలు వచ్చిపోయే కార్ల నంబర్లను చాలావరకు సరిగానే చదివే ఆ ఏర్పాటు, చీకటి పడ్డాక అక్షరాలను మింగేయడమో, ఒక అంకెకు బదులు మరొకటి రాయడమో చేస్తోంది. అక్షరాలు చదివే మోడల్‌ను మార్చితే సరిపోతుందని అక్కడివారు అనుకున్నారు. అప్పటికే ఒకసారి మార్చి చూశారు కూడా, కానీ తప్పులు తగ్గలేదు. కెమెరా స్తంభం మీద నాలుగున్నర మీటర్ల ఎత్తున ఉంది, కారు ఆగే చోటు ఆ స్తంభానికి మూడు మీటర్ల దూరంలోనే ఉంది. ప్లేటు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుందనుకుంటే, కెమెరా దాన్ని దాదాపు 52 డిగ్రీల వాలు నుంచి చూస్తున్నట్టు లెక్క. ఇలాంటి చోట మన ముందు రెండు ప్రశ్నలు ఉంటాయి. ప్లేటు చుట్టూ మామూలు పెట్టె గీసి చదివించడం మేలా, నాలుగు మూలలనూ పట్టుకుని ప్లేటును నిటారుగా సరిచేసి చదివించడం మేలా అన్నది మొదటిది. చీకటి చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో వెలిగించడం మేలా, అసలు దీపమే పెట్టడం మేలా అన్నది రెండోది.

మొదటి ప్రశ్నకు కొలతలతోనే జవాబు వెతకవచ్చు. మన దేశంలో కార్లకు బిగించే హై సెక్యూరిటీ ప్లేటు 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, దాని మీది అక్షరం 65 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. కారు మలుపు తిరుగుతూ వచ్చినందువల్లనో, కెమెరా పక్కకు ఉన్నందువల్లనో ఆ ప్లేటు చిత్రంలో 20 డిగ్రీలు ఒరిగి కనిపించిందనుకుందాం. మామూలు డిటెక్టర్ గీసే పెట్టెకు అంచులు ఎప్పుడూ అడ్డంగా, నిలువుగానే ఉంటాయి కాబట్టి, ఒరిగిన ప్లేటు మొత్తం అందులో పట్టాలంటే పెట్టె ఎత్తు 120 నుంచి దాదాపు 284కు పెరగాలి. అప్పుడు పెట్టెలో ప్లేటు ఆక్రమించేది నూటికి 41 పాళ్లే, మిగిలినదంతా బంపరు, గ్రిల్లు, నేల. చదివే మోడల్‌కు ఇచ్చే ముందు చిత్రాన్ని సాధారణంగా 32 పిక్సెళ్ల ఎత్తుకు కుదిస్తారు. నిటారుగా కత్తిరించిన ప్లేటులో ఆ కుదింపు తరువాత కూడా అక్షరానికి 17 పిక్సెళ్ల ఎత్తు మిగులుతుంది, ఒరిగిన ప్లేటును పెట్టెతో కత్తిరిస్తే మాత్రం ఏడు పిక్సెళ్లే మిగులుతాయి. ఏడు పిక్సెళ్లలో 8కీ Bకీ తేడా కనిపెట్టడం ఎంత మంచి మోడల్‌కైనా కష్టమే. అపార్ట్‌మెంటువారు మోడల్ మార్చినా ఫలితం మారకపోవడానికి ఇది ఒక కారణం: రెండు మోడళ్లకూ అందింది అదే చిన్న అక్షరం.

నాలుగు మూలల పద్ధతిలో డిటెక్టర్ పెట్టెతోపాటు ప్లేటు మూలల స్థానాలను కూడా చెబుతుంది. చిత్రంలోని వస్తువులను గుర్తించే యోలో మోడళ్ల కుటుంబంలో మనిషి కీళ్లను గుర్తించడానికి వాడే భంగిమ మోడళ్లకే, కీళ్లకు బదులు నాలుగు మూలలు గుర్తు పెట్టిన చిత్రాలతో శిక్షణ ఇచ్చి ఈ పని చేయించవచ్చు. మూలలు దొరికాక మిగిలేది రెండు వరుసల కోడ్.

```python
M = cv2.getPerspectiveTransform(corners, target)
plate = cv2.warpPerspective(frame, M, (300, 72))
```

ఇక్కడ corners అంటే దొరికిన నాలుగు మూలలు, target అంటే సరిచేశాక అవి ఉండవలసిన చోట్లు. 300, 72 అన్న కొలతలు 500, 120ల నిష్పత్తికి సరిపోయేలా తీసుకున్నవి. ఈ చిన్న వివరం దగ్గరే చాలామంది పొరబడతారు. రెండు వరుసల్లో నంబరు ఉండే ప్లేట్లు 340కి 200గా, స్కూటర్ల వెనక ప్లేట్లు 200కి 100గా ఉంటాయి. వాటిని కూడా 300కి 72 చట్రంలోకే సాగదీస్తే రెండు వరుసలూ అణిగిపోయి ఏమీ చదవరాకుండా పోతాయి. కాబట్టి ప్లేటు ఒక వరుసదా, రెండు వరుసలదా అన్నది డిటెక్టరే మూలలతోపాటు చెప్పేలా శిక్షణ ఇవ్వాలి. రెండు వరుసలదైతే సరిచేసిన చిత్రాన్ని మధ్యకు విడదీసి, రెండు ముక్కలనూ పక్కపక్కన చేర్చి మోడల్‌కు ఇవ్వాలి. వాలు చిత్రంలోనే ఆ విభజన చేస్తే గీత అక్షరాల మీదుగా పోతుంది.

మూలల పద్ధతికీ ఒక హద్దు ఉంది. ప్లేటు చిత్రంలో 200 పిక్సెళ్ల వెడల్పు ఉన్నప్పుడు మూల దగ్గర రెండు పిక్సెళ్ల పొరపాటు లెక్కలోకి రాదు. అదే ప్లేటు 50 పిక్సెళ్లకు చిన్నదైతే ఆ రెండు పిక్సెళ్లే చివరి అక్షరాన్ని కత్తిరించగలవు. అప్పుడు వెడల్పాటి అంచు వదిలిన మామూలు పెట్టే నయం. కెమెరా వాలు 30 డిగ్రీల లోపు ఉండి, ప్లేటు చిత్రంలో పెద్దగా ఒరగకుండా, శిక్షణ చిత్రాలను కూడా కొంత వంచి చూపించి నేర్పిన మోడల్ ఉన్నప్పుడు మామూలు పెట్టె సరిపోతుందని, మూలల కోసం వేల చిత్రాల్లో గుర్తులు పెట్టించే శ్రమ అవసరం లేదని నా అనుభవం. వాలు అంతకు మించితే మూలల పద్ధతి వైపే మొగ్గుతాను.

సరిచేయడం వల్ల మరో మేలు ఉంది. ఈ రంగంలో ఎక్కువగా వాడే సీటీసీ పద్ధతి మోడళ్లు చిత్రాన్ని ఎడమ నుంచి కుడికి సన్నని నిలువు చీలికలుగా చూస్తూ, వరుసగా ఒకే అక్షరం వస్తే దాన్ని ఒకటిగా కలిపేస్తాయి. రెండు 9లు వేర్వేరు అని తెలియాలంటే వాటి మధ్య ఖాళీ కూడా మోడల్‌కు కనిపించాలి. పక్క నుంచి 60 డిగ్రీల వాలుతో చూస్తే ప్లేటు వెడల్పు సగమవుతుంది, ఆ 10 మిల్లీమీటర్ల ఖాళీ పిక్సెల్‌లో కలిసిపోతుంది. అప్పుడు మన దగ్గర ఎంతో ఇష్టపడి కొనుక్కునే 9999 లాంటి ఫ్యాన్సీ నంబరు 999గా బయటికి వస్తుంది. మీ లాగ్‌లో అంకె తక్కువైన నంబర్లు ఎక్కువగా జంట అంకెలవే అయితే, తప్పు పక్కవాలుదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. అయితే సరిచేయడం ఉన్న ఖాళీని తిరిగి నిలబెడుతుంది గాని, పిక్సెళ్లలో లేనిదాన్ని సృష్టించలేదు.

రెండో ప్రశ్నలో నాకు సందేహం చాలా తక్కువ. చీకటి చిత్రాన్ని వెలిగించడానికి చాలామంది చిత్రాన్ని గళ్లుగా విభజించి ఒక్కో గడిలో వెలుగునీడల తేడాను పెంచే క్లాహే పద్ధతిని వాడతారు. చిత్రం కాస్త మసకగా, కానీ కదలకుండా ఉన్నప్పుడు అది నిజంగానే సాయపడుతుంది. ఆ గేటు దగ్గరి జబ్బు మాత్రం అది కాదు. వెలుగు చాలనప్పుడు కెమెరా తనంతట తానే షట్టర్‌ను సెకనులో 25వ వంతు వరకు తెరిచి ఉంచుతుంది. కారు గంటకు ఐదు కిలోమీటర్ల నెమ్మది వేగంతో వచ్చినా ఆ సమయంలో ఐదున్నర సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. 52 డిగ్రీల పైనుంచి చూసే కెమెరాకు అందులో సుమారు 4.4 సెంటీమీటర్ల జరుగుబాటు కనిపిస్తుంది. అదే వాలు వల్ల 65 మిల్లీమీటర్ల అక్షరం నాలుగు సెంటీమీటర్లే ఉన్నట్టు అగుపిస్తుంది. అంటే అక్షరం తన ఎత్తుకంటే ఎక్కువ దూరం చెరిగిపోతోంది. ఫ్రేమును పెద్దది చేసి చూస్తే నిలువు గీతలు మిగిలి, అడ్డగీతలు మాయమై కనిపించాయి. ఇలాంటి చిత్రాన్ని వెలిగిస్తే చెరుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, దానితోపాటు గరుకు చుక్కలూ పెరిగి 3 ఎడమవైపు లేని గీతలు మొలిచి 8గా మారిన సందర్భాలూ చూశాను.

షట్టర్‌ను 500వ వంతుకు బిగిస్తే అదే జరుగుబాటు రెండు మిల్లీమీటర్ల చిల్లరకు దిగుతుంది, కానీ కెమెరాకు అందే వెలుగు 20 రెట్లు తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికే దీపం కావాలి. హై సెక్యూరిటీ ప్లేటు మీది పొర, వచ్చిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపే రకం. కాబట్టి 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని లెన్సు పక్కనే, అరచేయి దూరం మించకుండా బిగిస్తే, డ్రైవరు కళ్లకు ఇబ్బంది లేకుండా ప్లేటు మాత్రం తెల్లగా మెరిసి, నల్లని అక్షరాలు విడిగా నిలుస్తాయి. లెన్సు ముందు ఆ వెలుగును మాత్రమే రానిచ్చే ఫిల్టర్ పెడితే ఎల్‌ఈడీ హెడ్‌లైట్ల కాంతి కూడా అణుగుతుంది. హాలోజన్ హెడ్‌లైట్లు స్వయంగా ఇన్‌ఫ్రారెడ్‌ను వెదజల్లుతాయి కాబట్టి వాటి దగ్గర ఫిల్టర్ అంతగా పనిచేయదు.

దీపంతో పోగొట్టుకునేవీ ఉన్నాయి. రంగు పోతుంది, దాంతో సొంత కారు తెల్ల ప్లేటుకీ ట్యాక్సీ పసుపు ప్లేటుకీ తేడా తెలియదు. రంగు తెలియవలసిన చోట పక్కనే రెండో మామూలు కెమెరా పెట్టక తప్పదు. పెయింటరు చేత రాయించుకున్న పాత ప్లేట్లు వెలుగును తిప్పి పంపవు కాబట్టి మసకగానే ఉంటాయి. కొత్త ప్లేటు మరీ దగ్గరైతే మెరుపు ఎక్కువై అక్షరాల గీతలు సన్నబడతాయి, అప్పుడు దీపం శక్తిని తగ్గించాలి.

ఇక్కడే రెండు ప్రశ్నలూ కలుస్తాయి. వెలుగును తిప్పి పంపే ఆ గుణం ప్లేటుకు ఎదురుగా ఉన్నప్పుడు బలంగా ఉండి, వాలు 40 డిగ్రీలు దాటేకొద్దీ క్షీణిస్తుంది. అంటే వాలు అక్షరాన్ని అణగదొక్కడంతో ఆగకుండా చెరుపును పెంచుతుంది, దీపం మెరుపునూ తగ్గిస్తుంది. నాలుగు మూలల పద్ధతి సరిచేయగలిగేది ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే. అందుకే కెమెరాను కదిలించే వీలున్న చోట ముందు కదిలించాలి, తరువాత దీపం, ఆ తరువాతే మూలలు అన్నది నా వరుస. స్తంభం ఇంకొకరిదై కదిలించే వీలు లేనప్పుడు దీపమూ మూలలూ రెండూ కావాలి.

చదివిన నంబరును నియమాలతో సరిదిద్దడం గురించి ఒక్క మాట. మొదటి రెండు స్థానాల్లో అక్షరాలే, చివరి నాలుగింటిలో అంకెలే ఉండాలన్న నియమం 0కీ Oకీ, 8కీ Bకీ మధ్య తగువును బాగానే తీరుస్తుంది. కానీ 2021లో వచ్చిన BH వరుస అంకెలతో మొదలై అక్షరాలతో ముగుస్తుంది కాబట్టి దానికి వేరే దారి ఉంచాలి. ఆ గేటు సాఫ్ట్‌వేర్‌లోని రాష్ట్రాల జాబితా 2024 మార్చికి ముందుది. తెలంగాణ కొత్త కోడ్ TG అందులో లేనందున, మోడల్ సరిగా చదివిన TGని కూడా అది పట్టుదలగా TSగా దిద్దుతోంది. చీకటి మీద, వాలు మీద మోపిన తప్పుల్లో కొన్ని నిజానికి ఈ జాబితావి.

చివరికి కెమెరాను అదే ఎత్తులో వెనకనున్న మరో స్తంభానికి మార్చి, కారు ఆగే చోటుకు ఎనిమిది మీటర్ల దూరంలో బిగించాము. వాలు 26 డిగ్రీలకు దిగింది. దూరం పెరిగిన మేరకు ప్లేటు చిన్నది కాకుండా ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు పెట్టి, షట్టర్‌ను 500వ వంతుకు బిగించి, పక్కనే దీపం అమర్చాము, రాష్ట్రాల జాబితాలో TGని చేర్చాము. ఆ తరువాత రాత్రి ఫ్రేములు తెరిచి చూస్తే అడ్డగీతలు తిరిగి కనిపించాయి, పాత మోడలే మామూలు పెట్టెతో వాటిని చదవసాగింది. మూలల మోడల్‌ను వెనక గేటు కోసం దాచి ఉంచాము. అక్కడ గోడ అడ్డుగా ఉంది, కెమెరాను జరిపే చోటు లేదు.