అడ్వాన్సు మేలా, ఆలస్యానికి నిబంధన మేలా?

హనుమకొండలో రెండు కుర్చీల బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. సమయం తీసుకుని రానివాళ్లు, ఆలస్యంగా వచ్చేవాళ్ల విషయంలో ముందే అడ్వాన్సు తీసుకోవడం మేలా, ఆలస్యానికి నిబంధన పెట్టడం మేలా అని ఈ పనిలో ఉన్న తోటివాళ్లు నన్ను పదేపదే అడుగుతుంటారు. నా మొగ్గు అడ్వాన్సు వైపు. ఎందుకో చెబుతాను.

సద్దుల బతుకమ్మకు ముందురోజు ఒకామె హెయిర్ స్ట్రెయిటెనింగ్‌కు వస్తానన్నారు. పదకొండు నుంచి మూడు దాకా ఆమె కోసం కుర్చీ ఉంచి, ఫేషియల్ అడిగిన ముగ్గురికి వీలు కాదన్నాను. ఆమె రాలేదు, ఫోను ఎత్తలేదు. మర్నాడు, "చుట్టాలు వచ్చారక్కా, చెప్పడం మరిచాను" అన్నారు. ముందురోజు సాయంత్రమే చెప్పి ఉంటే ఆ ముగ్గురిలో ఇద్దరినైనా పిలిచేదాన్ని. నష్టం ఆమె రాకపోవడం వల్ల కాదు, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలియడం వల్ల.

అడ్వాన్సు ఆ ఫోను చేయిస్తుంది. నాలుగు వేల పనికి ఐదు వందలు తీసుకుంటున్నాను. ముందురోజు సాయంత్రం ఆరులోపు చెబితే మొత్తం తిరిగి పంపుతాను. ఆ తర్వాత చెబితే ఇవ్వను. వంద రూపాయలైతే ఎవరూ పట్టించుకోరు, సగం డబ్బు అడిగితే వేరే పార్లర్ చూసుకుంటారు.

ఆలస్యానికి నిబంధన కొన్ని పనులకే పనికొస్తుంది. గంట ఫేషియల్‌కు పావుగంట ఆలస్యమైతే మసాజ్ తగ్గించి సమయానికి ముగించవచ్చు. ప్యాక్ మాత్రం ఉంచాల్సినంతసేపు ఉంచాల్సిందే. జుట్టు రంగు అలా కాదు. పట్టించాక ప్యాకెట్ మీద చెప్పినంతసేపు, సాధారణంగా అరగంట, ఆగాలి. తొందరపడి కడిగితే తెల్ల వెంట్రుకలు మళ్లీ కనిపిస్తాయి, నింద మనకే వస్తుంది. స్ట్రెయిటెనింగ్‌లో క్రీము ఎంతసేపు ఉంచాలో జుట్టే చెబుతుంది, మన గడియారం కాదు. అందుకే ఈ రెండు పనులకూ ఇరవై నిమిషాలు దాటితే కుదించను, మరో రోజుకు మారుస్తాను. మొదటిసారి అడ్వాన్సు కూడా ఆ రోజుకే జమ చేస్తాను. పరకాల, నర్సంపేట నుంచి బస్సులో వచ్చేవాళ్లు దారిలోంచి ఫోను చేస్తే మరో పది నిమిషాలు చూస్తాను.

త్రెడింగ్‌కు ఏ నిబంధనా అక్కర్లేదు. మిగతా పనులకు ముందురోజు గుర్తుచేసే సందేశం ఎలాగూ పంపాలి. ఒకరు రాకపోయినా ఇంకొకరు ఉంటారని ఒకే సమయానికి ఇద్దరిని రమ్మనడం రెండు కుర్చీల చోట తగువు తెచ్చుకోవడమే.

అడ్వాన్సు మాట గోడ మీద రాసిపెట్టకుండా, సమయం ఇచ్చేటప్పుడే నోటితో చెప్పండి. ఏళ్లుగా వస్తున్న ఒకావిడ మొదట నొచ్చుకున్నారు. "మీ కోసం నాలుగు గంటలు ఇంకెవరినీ రానివ్వనండీ" అని చెప్పాక అక్కడికక్కడే ఫోనులో డబ్బు పంపారు.