పాత ఇల్లు అమ్మినందుకు నోటీసు వస్తే: మిద్దె ఖర్చుకు ఇంట్లోని పాత కాగితాలు మేలా, వాల్యూయర్ రిపోర్టు మేలా?

తిరుపతిలో తుమ్మలగుంట వైపు ఉండే ఒక రిటైర్డ్ జిల్లా పరిషత్ ఉపాధ్యాయుడు 2025 చివర్లో ఒక నోటీసు ప్రింటు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. పాత ఏడాది పన్ను లెక్కను తిరిగి తెరిచే ముందు ఆదాయపు పన్ను చట్టం 148ఏ సెక్షన్ కింద పంపే షోకాజ్ నోటీసు అది. 2022 ఆగస్టులో ఆయన తన ఇంటిని 40 లక్షలకు అమ్మారు. 30 లక్షలు, ఆపై విలువగల స్థిరాస్తి లావాదేవీలను సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఏటా పన్ను శాఖకు తెలియజేయాలి కనుక ఆ అమ్మకం శాఖ రికార్డుకెక్కింది. ఈయన మాత్రం ఆ ఏడాది పెన్షన్ ఒక్కటే చూపి ఐటీఆర్-1 వేశారు. దాంతో మొత్తం 40 లక్షలూ లెక్కకు రాని ఆదాయంగా ఎందుకు భావించకూడదో చెప్పమని నోటీసు అడిగింది.

"లాభమే లేనప్పుడు ఏం చూపించాలి సార్?" అన్నది ఆయన ప్రశ్న. అందులో సగం తప్పు: లాభం వచ్చినా రాకపోయినా అమ్మకాన్ని క్యాపిటల్ గెయిన్స్ షెడ్యూలు ఉన్న ఐటీఆర్-2లో చూపాల్సిందే. మిగతా సగం నిజమో కాదో లెక్క వేస్తేగాని తెలియదు. ఆ లెక్క చివరకు ఒక్క చోట ఆగింది. 2012-13లో ఆయన పైన వేసుకున్న మిద్దె ఖర్చును దేనితో రుజువు చేయాలి?

ముందు లెక్క చూద్దాం. ఆయన 2006 జూన్‌లో ఆ ఇల్లు కొన్నారు. దస్తావేజు ధర 9,15,000, స్టాంపులు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 85,000, వెరసి 10 లక్షలు. ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత ఖర్చును పెంచి చూపడానికి వాడే ద్రవ్యోల్బణ సూచీ ఆ ఆర్థిక సంవత్సరానికి 122, అమ్మిన 2022-23కి 331. పది లక్షలను 331తో హెచ్చించి 122తో భాగిస్తే కొనుగోలు ఖర్చు 27,13,115 అవుతుంది. బ్రోకరుకు చెక్కు ద్వారా ఇచ్చిన 40,000 కూడా తీసేస్తే 12,46,885 లాభం మిగులుతుంది. దానిపై 20 శాతం పన్ను, 4 శాతం సెస్సు కలిపితే సుమారు 2,59,000. మిద్దెకు పెట్టిన 8 లక్షలను ఆ ఏటి సూచీ 200తో పెంచితే 13,24,000 వస్తుంది. దాన్ని ఒప్పుకుంటే లాభం పోయి 77,115 నష్టం తేలుతుంది. అంటే ఆయన మాటలో మిగతా సగం నిజమే, కాకపోతే మిద్దె రుజువైతేనే.

దస్తావేజు విలువ 40 లక్షలున్నా ప్రభుత్వ మార్కెట్ విలువ 42 లక్షలు ఉంది. వాటి మధ్య తేడా 10 శాతం లోపే కాబట్టి, మార్కెట్ విలువనే అమ్మకపు ధరగా తీసుకోమనే 50సీ సెక్షన్ ఇక్కడ అడ్డు రాదు. ఇలా సూచీతో ఖర్చును పెంచే ఇండెక్సేషన్ వదిలేసి 12.5 శాతం కట్టేస్తే సరిపోదా అని ఆయన కుమారుడు అడిగారు. ఆ రేటు 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకే వర్తిస్తుంది కనుక 2022 నాటి అమ్మకానికి ఆ దారి లేదు.

ఇక మిద్దె సంగతి. ఎనిమిది లక్షల్లో 5 లక్షలు బ్యాంకు గృహరుణం. ఆ డబ్బు 2012 సెప్టెంబరులో ఒక విడత, 2013 జనవరిలో మరో విడతగా వచ్చింది. రెండు లక్షలు పీఎఫ్ నుంచి తీసుకున్నవి. మిగతా లక్ష సేవింగ్స్ ఖాతా నుంచి తీసి నగదుగా ఖర్చు చేసినది. సిమెంటు, ఇనుము బిల్లులు కొన్నే దొరికాయి. కూలీలకు ఇచ్చిన డబ్బుకు రసీదులు అసలు లేవు, ఎవరి దగ్గరైనా ఉండవు కూడా. ఇటువంటి పరిస్థితిలో చాలామందికి తోచే సులువైన మార్గం రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గరకు వెళ్లి, ఇంత కట్టడానికి ఇంత ఖర్చు అయ్యి ఉంటుందని ఒక రిపోర్టు రాయించుకోవడం. ఈయనకూ బంధువులు అదే సలహా ఇచ్చారు.

వాల్యూయర్ రిపోర్టుకు ఒక మంచి గుణం ఉంది. విస్తీర్ణం కొలిచి, ఆ ఏటి ప్లింత్ ఏరియా రేట్లతో లెక్కగట్టి, మొత్తాన్ని ఒకే కాగితంలో చూపిస్తుంది. చదివే అధికారికి పని తేలికవుతుంది. అయితే అది ఇప్పుడు రాసిన కాగితం. ఆ మిద్దె 2012లో కట్టారా, 2016లో కట్టారా, కట్టిన డబ్బు ఎవరిది అనే ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. పైగా ఈ కేసులో ఇల్లు వేరేవాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది. కొత్త యజమాని ఒప్పుకుంటేనే వాల్యూయర్ లోపలికి వెళ్లి కొలవగలరు. అధికారి కాదనడానికి ఒక్క వాక్యం చాలు: ఇది అంచనా మాత్రమే, ఖర్చు జరిగినట్టు ఆధారం కాదు.

పాత కాగితాలది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం. ఒక్కొక్కటి చూస్తే అరకొరగా ఉంటుంది గానీ, నోటీసు వస్తుందని ఎవరికీ తెలియని రోజుల్లో పుట్టింది కనుక దాని మాటకు బరువు ఉంటుంది. ఆయన ఇంటి పెట్టెలో ఏమున్నాయో బల్ల మీద పరిచి చూశాం. మొదట రెండు దస్తావేజుల షెడ్యూళ్లను పక్కపక్కన పెట్టాం. 2006 షెడ్యూలులో కింది ఇల్లు మాత్రమే ఉంది. 2022 షెడ్యూలులో కింది అంతస్తుతో పాటు 800 చదరపు అడుగుల ఆర్‌సీసీ పై అంతస్తు కూడా ఉంది. కాబట్టి ఆయన చేతిలో ఉన్న కాలంలోనే మిద్దె లేచిందని ఈ రెండు దస్తావేజులే చెప్పేశాయి. మా అనుభవంలో ఇంతకంటే బలమైన ఆధారం మరొకటి లేదు, చిత్రంగా చాలామంది జవాబుల్లో ఇది కనపడదు. 2006 దస్తావేజు అసలు పోయినవాళ్లకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది.

ఆ తర్వాత ఏడాది తేలాలి. పై అంతస్తుకు తీసుకున్న రెండో కరెంటు మీటరు సర్వీసు 2013 మార్చిలో ఇచ్చినట్టు డిపాజిట్ రసీదు ఉంది. ఇంటి పన్ను రసీదుల్లో 2013-14 నుంచి మొత్తం పెరిగింది. ప్లాను అనుమతి తేదీ 2012 జూలై. ఈ మూడూ కలిస్తే పని 2012-13లో జరిగిందని చెప్పడానికి వాల్యూయర్ అవసరం లేదు.

మొత్తం ఎంత అన్నదే అసలు కష్టం. రుణ ఖాతా స్టేట్‌మెంటుతో 5 లక్షలకు తిరుగులేదు. అక్కడే ఆగిపోతే లాభం 4,19,385 మిగిలి, సెస్సుతో కలిపి 87,232 పన్ను పడుతుంది. కాబట్టి మిగతా 3 లక్షలకు అంత విలువ ఉంది. పీఎఫ్ మంజూరు ఉత్తర్వులో ఇంటి నిర్మాణం కోసమని కారణం రాసి ఉంది, అది 2 లక్షలకు చాలు. చివరి లక్షకు దొరికింది ఒక రూళ్ల నోటుపుస్తకం. మేస్త్రీకి శనివారం శనివారం ఇచ్చిన కూలి ఆయన చేతిరాతలో అందులో ఉంది. "6-10-12, మేస్త్రీ 2, కూలీలు 4" అని మొదలయ్యే ఆ వరుస తేదీలన్నీ నిజంగానే శనివారాలు. ప్రతి తేదీకి ఒకటి రెండు రోజుల ముందు పాస్‌బుక్కులో విత్‌డ్రాయల్ ఉంది. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఒక పట్టిక తయారుచేశాం. అందులో 15,000 మాత్రం 2013 ఏప్రిల్‌లో తీసినది. దానికి తర్వాతి ఏడాది సూచీ 220 వాడాలి కనుక అలాగే వేశాం. దానివల్ల రెండు వేల చిల్లర తగ్గినా, ఫలితం నష్టంగానే ఉంది.

బిల్లులు తక్కువయ్యాయని కొత్తగా పుట్టించుకునేవారు ఎదురవుతుంటారు. 2012 తేదీ వేసిన సిమెంటు బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే అది అబద్ధమని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది, ఎందుకంటే జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో. అంతకుముందు బిల్లులపై ఉండేది వ్యాట్ టిన్ నంబరు. చిరునామాలో "తిరుపతి జిల్లా" అని అచ్చయి ఉన్నా అంతే. ఆ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో, అప్పటివరకు మనమంతా చిత్తూరు జిల్లాయే. తప్పుడు పత్రంతో ఆదాయాన్ని దాచారని తేలితే పన్నుకు రెండింతల దాకా జరిమానా ఉంటుంది, కనుక లేని బిల్లు లేదని రాయడమే క్షేమం.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ మిద్దె ఖర్చులోకి రావు. రెండేళ్లకోసారి వేయించిన సున్నం, మార్చిన కుళాయిలు, కారే చోట చేయించిన మరమ్మతులు ఇంటి నిర్వహణ ఖర్చులే తప్ప అభివృద్ధి ఖర్చులు కావు. ఆయన జాబితాలో ఇవి 62,000 దాకా ఉన్నాయి. అవి చేరిస్తే నష్టం ఇంకాస్త పెరుగుతుంది, ఉపయోగమేమీ లేదు, మిగతా పట్టిక మీద మాత్రం అనుమానం పడుతుంది. అందుకని తీసేశాం.

అలాగని వాల్యూయర్‌ను పూర్తిగా పక్కన పెట్టలేదు. కొత్త యజమాని మంచివాడు, కొలవనిచ్చాడు. వాల్యూయర్ లెక్క 8,40,000 వచ్చింది. ఆ సంఖ్యను క్లెయిమ్ చేయమని ఆయన కుమారుడు పట్టుబట్టారు. మేము ఒప్పుకోలేదు. నిజంగా ఖర్చయినది 8 లక్షలు, క్లెయిము అదే. రిపోర్టుకు మేమిచ్చిన పని ఒక్కటే: అంత విస్తీర్ణానికి 8 లక్షలు అతిగా చెప్పినది కాదని చూపడం. ఆధారంగా పాత కాగితాలు ముందు, వాటికి తోడుగా రిపోర్టు వెనక. ఈ వరుసను తలకిందులు చేస్తే అదే కట్ట బలహీనమవుతుంది. కాగితాలు అసలు లేనివారికి, అంటే దస్తావేజులు తప్ప ఏమీ మిగలని వారికి రిపోర్టే దిక్కు, కానీ అప్పుడు కొంత కోత తప్పదని ముందే అనుకుని ఉండాలి.

ఈ ఆధారాలను ఎప్పుడు ఇవ్వాలన్నది మరో ఎంపిక. షోకాజ్‌కు ఊరక రెండు వాక్యాలు రాసి, అసలు నోటీసు వచ్చాక అన్నీ ఇద్దామనేవారు ఉన్నారు. నేను దాన్ని సమర్థించను. 148ఏ దశలో అధికారి జవాబు చూసి, కేసు తెరవదగినదా కాదా అని ఉత్తర్వు రాయాలి. లాభమే లేదని అక్కడే లెక్కతో చూపితే వ్యవహారం అక్కడితో ఆగే అవకాశం ఉంది. జవాబే ఇవ్వకపోతే 148 నోటీసు, దానికీ స్పందించకపోతే అధికారి తనకు తోచిన మేరకు చేసే అసెస్‌మెంటు వస్తాయి. అందులో 40 లక్షలూ చేర్చేస్తే పన్ను, సెస్సు కలిపి 8,32,000, వడ్డీ వేరు.

జవాబును పోర్టల్‌లో `Pending Actions` కింద `e-Proceedings`లో, నోటీసులో ఇచ్చిన తేదీకి నాలుగు రోజుల ముందే పెట్టాం. అంతకు ముందు నోటీసు అసలైనదేనా అని దాని మీది గుర్తింపు నంబరు డీఐఎన్‌ను పోర్టల్‌లో సరిచూశాం. మొదటి పేజీలో లెక్క, రెండో పేజీలో ఏ అంకెకు ఏ అనుబంధమో సూచిక, తర్వాత దస్తావేజులు, మీటరు రసీదు, పన్ను రసీదులు, రుణ స్టేట్‌మెంటు, పీఎఫ్ ఉత్తర్వు, నోటుపుస్తకం పక్కన పాస్‌బుక్ పట్టిక, అన్నిటికంటే చివర వాల్యూయర్ రిపోర్టు.