బడ్జెట్ అప్రూవల్ పెండింగ్ అన్నారు: అడుగుతూ ఉండాలా, ఆగాలా, తేదీ పెట్టుకోవాలా?

మార్చిలో మా పిన్ని కొడుకు రుషికొండ ఐటీ హిల్స్‌లో ఒక కంపెనీకి చివరి రౌండ్ ఇచ్చి వచ్చాడు. మేనేజరు "మీరు మాకు ఓకే, బడ్జెట్ అప్రూవల్ ఒక్కటే పెండింగ్" అన్నారట. ఇక వీడికి టెన్షన్. నాలుగు రోజులకోసారి "సార్, ఏమైనా అప్‌డేట్ ఉందా?" అని వాట్సాప్. మూడోసారి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

పాపం, ఆయన మాత్రం ఏం చెబుతారు? సంతకం పెట్టాల్సింది ఫైనాన్స్ వాళ్లో, ఆయన పైవాళ్లో. పైగా మార్చి 31తో ఆర్థిక సంవత్సరం అయిపోతుంది కాబట్టి చాలాచోట్ల కొత్త పోస్టులు ఏప్రిల్ లెక్కల దాకా ఆగుతాయి. అలాగని కిమ్మనకుండా కూర్చోవడం ఇంకా నష్టం. పోస్టు రద్దయినా ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

"ఒక్కసారి ఫోన్ చేసి రెండే అడగరా" అన్నాను. ఇది కొత్త పోస్టా, ఎవరో మానేస్తే ఖాళీ అయిందా? ఫైలు ఎవరి దగ్గర ఉంది, వాళ్లు ఎప్పుడు చూస్తారు? ఖాళీ అయిన పోస్టుకు జీతం డబ్బు ముందే లెక్కలో ఉంటుంది కాబట్టి మామూలుగా త్వరగా కదులుతుంది. కొత్త పోస్టుకు కొత్తగా డబ్బు కావాలి, కోత పడితే మొదట దానికే. వీడిది కొత్త పోస్టే. ఏప్రిల్ 10న ఫైనాన్స్ రివ్యూ ఉందని తెలిసింది. వెంటనే ఈ మెయిల్ పెట్టించాను, హెచ్‌ఆర్‌ను కూడా కాపీలో ఉంచి:

"సార్, 10న రివ్యూ అన్నారు కదా, 15న మీకు ఒకసారి రాస్తాను. ఈలోగా తేలితే దయచేసి చెప్పండి. నా నోటీసు 60 రోజులు, 15కి ఆఫర్ వస్తే జూన్ మధ్యలో చేరగలను."

11నే అడగొచ్చు కదా అన్నాడు. రివ్యూలో సరేనన్నా అది హెచ్‌ఆర్ దాకా చేరడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. మధ్యలో 14న అంబేడ్కర్ జయంతి సెలవు కూడా. రివ్యూ తేదీయే చెప్పలేకపోతే రెండు వారాల గడువు అడగమనేవాణ్ణి.

15న జవాబు వచ్చింది: "ఒక వివరణ అడిగారు, 24కి తేలుతుంది." కారణం, తేదీ రెండూ ఉన్నాయి గనక ఒకసారికి సరే. "చూద్దాం, త్వరలోనే" అని ఉంటే మాత్రం ఆ ఫైలు ఆగిపోయిందనే అనుకునేవాణ్ణి. 24 కూడా దాటిపోతే మర్యాదగా ఒక మెయిల్ పెట్టి, ఆ ఉద్యోగాన్ని లెక్కలోంచి తీసేయాలని ఇద్దరం అనుకున్నాం.

ఆఫర్ లెటర్ రాలేదు గనక ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టలేదు. 22న సిరిపురంలో ఇంకో ఇంటర్వ్యూకి కూడా వెళ్లి వచ్చాడు.