ఒకే డ్యురేషన్, వేర్వేరు ఫలితాలు: మోడిఫైడ్, కీ రేట్ పోలిక

ఒంగోలులోని ఒక పరపతి సంఘం ముందు రెండు దారులున్నాయనుకుందాం: కోటి రూపాయలూ మధ్యలో వడ్డీ ఇవ్వకుండా గడువు తీరాక ఒకేసారి చెల్లించే 6 ఏళ్ల జీరో కూపన్ బాండులో పెట్టడం, లేదా 2 ఏళ్ల, 10 ఏళ్ల జీరో కూపన్ బాండ్లలో చెరి 50 లక్షలు పెట్టడం. డబ్బు తిరిగి రావడానికి పట్టే సగటు కాలమైన మెకాలే డ్యురేషన్ రెండింటికీ 6 ఏళ్లే. అన్ని రాబడులూ 7 శాతమైతే, దాన్ని 1.07తో భాగించగా వచ్చే మోడిఫైడ్ డ్యురేషన్, అంటే రాబడులన్నీ ఒక శాతం మారితే పెట్టుబడి విలువ వ్యతిరేక దిశలో సుమారు ఎంత శాతం మారుతుందో చెప్పే కొలత, కూడా 5.61గా సమానమే.

అయితే 2 ఏళ్ల రాబడి అర శాతం తగ్గి, 10 ఏళ్లది అర శాతం పెరిగి, 6 ఏళ్లది కదలకపోతే, మొదటి దారిలో నష్టం ఉండదు. రెండో దారిలో, ఒక్కో కాలవ్యవధి రాబడి మారితే విలువ ఎంత మారుతుందో విడివిడిగా చెప్పే కీ రేట్ డ్యురేషన్లు 2 ఏళ్ల దగ్గర 0.93, 10 ఏళ్ల దగ్గర 4.67 కాబట్టి, సుమారు 1.87 లక్షలు పోతాయి. వాటి మొత్తం మోడిఫైడ్ డ్యురేషన్‌కు సమానమే గనుక, మొత్తాన్ని మాత్రమే చూసేవారికి ఈ తేడా కనిపించదు.