పెచ్చు లేచిన రంగుకి చేప జిగురా, పారలాయిడా?

అజంతా గుహల గోడచిత్రాల్లో రంగు మట్టి గచ్చు మీద ఉంది, నీళ్లు ఎక్కువైతే గచ్చే ఉబ్బుతుంది. అయినా గట్టిపడి వంకర తిరిగిన పెచ్చుకి నేను పలుచని చేప జిగురే ముందు చూస్తాను, ఎందుకంటే దాని తేమకి పెచ్చు మెత్తబడి, జపాన్ కాగితం మీదుగా నొక్కితే విరగకుండా కూర్చుంటుంది. చిక్కల్లా తేమ గుహలో బూజు టెన్షన్.

పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెసిన్‌కి ఆ బాధ తక్కువ. కానీ అసిటోన్‌లో కలిపితే అసిటోన్ త్వరగా ఆరిపోతూ రెసిన్‌ని పైకి లాగేస్తుంది, మెరుపు కనిపిస్తే అదే జరిగిందన్నమాట.

ఏదైనా గోరంత చోట పరీక్షించు. 1920-22లో నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇటలీ నిపుణులు పూసిన లక్క తర్వాత పసుపెక్కింది. దాన్ని తీసే పరీక్ష పెచ్చులు అతికాకే, దూది పుల్లని రుద్దకుండా దొర్లిస్తూ. దూదికి రంగు అంటితే ఆపెయ్. రీటచింగ్ కొత్తగా పూడ్చిన చోటే, వాటర్ కలర్ సన్నగీతలతో, పాత రంగు మీదకి పోకుండా.