విభక్తి ట్యాగు లోపలా, బయటా? ఎక్స్‌లిఫ్ అనువాదంలో ఏది మేలు?

క్యాట్ టూల్‌లో ఎక్స్‌లిఫ్ ఫైలు తెరిచి పనిచేస్తే, ట్యాగు పోయినా రెండుసార్లు పడినా తనిఖీలో దొరికిపోతుంది. దొరకని తప్పు వేరే ఉంది: ట్యాగులన్నీ లెక్కకు సరిపోతాయి, కానీ ముగింపు ట్యాగు పడకూడని చోట పడుతుంది. తెలుగులో విభక్తి పదానికి అతుక్కుని వస్తుంది కాబట్టి, `</g>`ని దానికి ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా అన్నది అనువాదకులే తేల్చుకోవాలి.

ఎక్స్‌లిఫ్ 1.2లో ఈ వాక్యం చూడండి. రెండు ట్యాగులూ బోల్డ్ కోసమే.

```xml
<source>Tap <g id="1">Delete</g> in <g id="2">Settings</g>.</source>
```

యాప్‌లో ఆ పేర్లు "తొలగించు", "సెట్టింగ్‌లు" అని కనిపిస్తాయనుకుందాం.

విభక్తిని బయట పెడితే పేరు మారదు, అది సుఖమే. కానీ `<g id="2">సెట్టింగ్‌లు</g>లో` అని రాస్తే పాఠకుడికి కనిపించేది "సెట్టింగ్‌లులో". విభక్తి ముందు బహువచనపు "లు" "ల" కావాలి, ట్యాగు దాన్ని ఆపేసింది. "ఫోల్డర్" లాంటి మారని మాటలకు ఈ పద్ధతి సరిపోతుంది. అయితే పొల్లు తర్వాత `</g>`కి ముందే జడ్‌డబ్ల్యూఎన్‌జే (U+200C) ఉంచాలి. లేదంటే ట్యాగు తీసేసిన చోట, లేదా రంగు మాత్రమే మారే చోట "ర్", "లో" కలిసి ఒత్తుగా మారిపోవచ్చు. హల్లుకూ దాని గుణింతపు గుర్తుకూ మధ్య మాత్రం ట్యాగు ఎప్పుడూ పెట్టకండి. గుర్తు విడిపోయి చుక్కల వలయం మీద కనిపించొచ్చు.

లోపల పెడితే "సెట్టింగ్‌లలో" అని వ్యాకరణం కుదురుతుంది. కానీ బోల్డ్‌లో ఉన్న ఆ మాట యాప్‌లో ఎక్కడా ఉండదు. "తొలగించు"కు "ను" చేరిస్తే ఇంకా చిక్కు: "తొలగించును" అంటే "తొలగిస్తుంది" అనే క్రియలా వినిపిస్తుంది. బటన్ పేర్లకు పనికిరాని ఈ పద్ధతి, మామూలు వాక్యంలోని లింకులకు మాత్రం చక్కగా నప్పుతుంది: `<g id="1">నిబంధనలను</g> చదవండి`.

బటన్లు, మెనూల పేర్లకు మా ఓటు మూడో దారికి. పేరును ఉన్నదున్నట్టు ఉంచి, విభక్తిని పక్కనే ఒక తోడు మాటకు తగిలించడం:

```xml
<target><g id="2">సెట్టింగ్‌లు</g> పేజీలో <g id="1">తొలగించు</g> బటన్‌ను నొక్కండి.</target>
```

ఇక్కడ 2 ముందుకొచ్చింది, అది తప్పు కాదు. వరుస మారిందని టూల్ హెచ్చరించినా `id` అంకెలను దిద్దకండి. ఏ ఫార్మాటింగ్ ఏ పేరుకు చెందుతుందో చెప్పేది ఆ అంకే. ఒక మాట పెరగడం వల్ల ఇరుకైన చోట అక్షరాల పరిమితి దాటొచ్చు. ఈ పద్ధతికున్న ఇబ్బంది అదొక్కటే.

`<x id="1"/>` స్థానంలో ప్రోగ్రాం నడిచేటప్పుడు ఫోల్డర్ పేరు వచ్చి చేరే వాక్యాల్లో తోడు మాట తప్పనిసరి. `<x id="1"/>లో` అని రాస్తే, వాడుకరి తన ఫోల్డర్‌కు "పాటలు" అని పేరు పెట్టుకున్న రోజున అది "పాటలులో" అవుతుంది. `<x id="1"/> ఫోల్డర్‌లో` అని రాస్తే ఏ పేరొచ్చినా వాక్యం నిలబడుతుంది.